అలిపిరి మెట్ల షాట్‌లో వోణీ: పిన్ను, మందం, బిరుసు, చివర్లో బేక్

"అక్కా, మాది చిత్తూరు. కాలేజీ ప్రాజెక్టుకు బ్లెండర్‌లో చిన్న ఫిల్మ్ చేస్తున్నాను. ఒక అమ్మాయి అలిపిరి మెట్లు ఎక్కుతూ ప్రతి మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెట్టే షాట్. లంగా వోణీ. వోణీ భుజం మీద గాల్లో తేలుతోంది, వంగినప్పుడు నడుము దగ్గర పేలిపోతోంది, కొంగు రబ్బరులా సాగుతోంది. స్టిఫ్‌నెస్ ఎంత పెంచినా అంతే. అలెంబిక్ చేసి ఫ్రెండ్‌కి పంపితే అక్కడ గుడ్డ అసలు కదలడమే లేదు. ఏ సెట్టింగులు పెట్టాలి?"

తమ్ముడూ, నువ్వు చెప్పిన నాలుగింటిలో స్టిఫ్‌నెస్‌తో తీరేది ఒక్కటే, అది కూడా సగమే. భుజం మీద తేలడం మందం వల్ల. నడుము దగ్గర పేలడం పొట్టకీ తొడకీ మధ్య గుడ్డ నలిగిపోవడం వల్ల. ఫ్రెండ్ దగ్గర కదలకపోవడం బేక్ చేయకుండా, అంటే గుడ్డ కదలికను ముందే లెక్కగట్టి దాచకుండా, ఎక్స్‌పోర్ట్ చేసినందువల్ల. అందుకే ముందు స్టిఫ్‌నెస్ అంకెలన్నీ వెనక్కి పెట్టేసి `Cotton` ప్రీసెట్ వేసుకో. దాని సంగతి చివర్లో చూద్దాం. ఇలాంటి షాట్ నేను పోయినేడు ఒకటి చేశాను. అందులో కూడా శ్రీకాళహస్తి కలంకారీ నూలు వోణీయే, మెట్టు మెట్టుకీ వంగి లేచే అమ్మాయే. ఆ ఫైల్ అంకెలతోనే చెబుతాను.

మొదట కొలత. నీ అమ్మాయి ఎత్తు ఎంతో `N` ప్యానెల్‌లో చూడు. 1.6 మీటర్లు కాకుండా 16 అనో 0.16 అనో ఉంటే నేను ఇకమీద చెప్పే అంకె ఏదీ నీకు పనికిరాదు, ఎందుకంటే కొలిజన్ దూరాలన్నీ మీటర్లలో ఉంటాయి. వోణీకీ శరీరానికీ స్కేల్ 1 కాకపోతే `Ctrl+A` నొక్కి స్కేల్ అప్లై చెయ్యి. రిగ్ కట్టేసిన తర్వాత ఈ పని చేస్తే రిగ్ పాడవుతుంది కాబట్టి ముందే చూసుకోవాలి.

వోణీ మెష్ నేను 2.5 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పుతో చేశాను. ఒక్కో గడి 2.5 సెంటీమీటర్లు. అంటే పొడవునా 100 గడులు, అడ్డంగా 44. మొత్తం 4,545 వర్టెక్స్‌లు. దూరం నుంచి కనిపించే అమ్మాయికి ఇది చాలు. నునుపు కావాలంటే క్లాత్ మోడిఫయర్ కింద సబ్‌డివిజన్ పెట్టుకుంటాం. పైన మాత్రం పెట్టకు. పైన పెట్టి వ్యూపోర్ట్‌లో లెవెల్ 1, రెండర్‌లో లెవెల్ 2 ఉంచితే బేక్ అయ్యేది ఒక లెక్క వర్టెక్స్‌లతో, రెండర్ అడిగేది ఇంకో లెక్కతో. తెర మీద బాగున్న గుడ్డ రెండర్‌లో చెల్లాచెదురయ్యేది చాలాసార్లు ఇక్కడే.

వోణీకి మోడిఫయర్ల వరుస ఇది: పైన ఆర్మేచర్, దాని కింద క్లాత్, ఆ కింద సాలిడిఫై, చివర సబ్‌డివిజన్. శరీరానికి ఆర్మేచర్ పైన, కొలిజన్ కింద. శరీరంలో కొలిజన్ పైకి పోతే గుడ్డకు కనిపించేది కదలని బొమ్మే. అమ్మాయి వంగుతుంది, గుడ్డ మాత్రం ఆమె నిలబడిన చోటు చుట్టూనే ఆగిపోతుంది.

ఇంకొక ఏర్పాటు. షాట్‌ను ఫ్రేమ్ 1 నుంచి మొదలుపెట్టకు. నాది 210 ఫ్రేముల షాట్, సెకనుకు 24 ఫ్రేములు. దాన్ని 51 నుంచి 260కి జరిపాను. ఫ్రేమ్ 1లో అమ్మాయి చేతులు కొంచెం దూరంగా చాచి నిలబడి ఉంటుంది, వోణీ ఎక్కడా ఒంటిని తాకకుండా చుట్టి ఉంటుంది. 30వ ఫ్రేముకల్లా ఆమె షాట్ మొదటి భంగిమలోకి వస్తుంది. మిగతా 20 ఫ్రేముల్లో గుడ్డ తనంతట తాను కిందికి జారి, మడతలు పడి, ఊగడం మానేస్తుంది. ఈ 50 ఫ్రేములు ఎవరికీ కనిపించవు, కానీ ఇవి లేకపోతే షాట్ మొదటి సెకను అంతా గుడ్డ పైనుంచి పడుతున్నట్టే ఉంటుంది. ఫ్రేమ్ 1లో గుడ్డ ఒంట్లోకి దూరి ఉంటే మాత్రం ఏ సెట్టింగూ దాన్ని బయటికి తేలేదు. చంక దగ్గర, నడుము దగ్గర దగ్గరికి వెళ్ళి కళ్ళతో చూసుకో.

ఇక పిన్ను. వోణీ కట్టుకునేటప్పుడు మనం చేసేదే ఇక్కడా చేయాలి. ఒక కొస లంగా నడుములో దోపుతాం. ఎడమ భుజం మీద కుచ్చిళ్ళు సర్ది జాకెట్టుకు పిన్నీసు పెడతాం. కొంగు వెనక వదిలేస్తాం. కాబట్టి పట్టు ఉండాల్సింది రెండే చోట్ల. `pin` అనే వర్టెక్స్ గ్రూప్ చేసి, నడుములో దోపిన అంచుకు రెండు వరుసల మేర వెయిట్ 1 ఇచ్చాను. భుజం మీద అరచేతిలో సగమంత చోటుకు 1 ఇచ్చాను. తర్వాత క్లాత్ సెట్టింగుల్లో `Shape` కింద `Pin Group`లో ఆ గ్రూప్ ఎంచుకున్నాను.

చాలామంది భుజం మొత్తానికి, ఇంకా వెనక వీపు దాకా 1 పూసేస్తారు, జారిపోతుందని భయం. అలా చేస్తే భుజం మీద గుడ్డ చర్మానికి అతికించిన స్టిక్కర్‌లా అయిపోతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పూర్తిగా పిన్ అయిన వర్టెక్స్‌ను కొలిజన్ తోయలేదు. అది ఆర్మేచర్ చెప్పిన చోటే ఉంటుంది. చెయ్యి ఎత్తినప్పుడు భుజం కండ పైకి ఉబ్బి పిన్నుల్లోంచి బయటికి పొడుచుకొస్తే గుడ్డ తప్పుకోదు. అందుకే పిన్ చేసిన ఆ చిన్న చోటును ఒంటికి ఒక సెంటీమీటరు పైన ఉంచాలి. దాని వెయిట్ పెయింట్ శరీరం నుంచే కాపీ చేసుకోవాలి. డేటా ట్రాన్స్‌ఫర్ మోడిఫయర్‌తో ఒంటి వెయిట్లు గుడ్డకు దింపితే భుజం ఎటు పోతే పిన్నూ అటే పోతుంది. భుజానికీ పిన్నుకీ వెయిట్లు వేర్వేరుగా ఉంటే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ గుడ్డ అక్కడ వణుకుతుంది.

పిన్ ఉన్న చోటుకీ వదిలేసిన చోటుకీ మధ్య ఒక్కసారిగా 1 నుంచి 0కి దిగితే అక్కడ పదునైన మడత పడి కనిపిస్తుంది. మూడు నాలుగు వరుసల్లో మెల్లగా దించు. అయితే 0.5 అంటే సగం పట్టు అనుకోకు. నడిమి వెయిట్లు నిజానికి చాలా వదులుగా ఉంటాయి. 1, 0.9, 0.75, 0.5, 0 అని దించితేనే నాకు ఒక వరసలో వచ్చింది. ఆ నడిమి వెయిట్లు ఎంత గట్టిగా లాగాలనేది `Pin Stiffness` చెబుతుంది. దాన్ని 1 దగ్గరే వదిలేశాను.

ఇప్పుడు నీ మొదటి ఫిర్యాదు, భుజం మీద తేలడం. ఇక్కడ రెండు మందాలు ఉన్నాయి, రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి. గుడ్డ వైపు `Object Collisions` కింద `Distance`. అది మొదట 0.015 ఉంటుంది. శరీరం వైపు కొలిజన్ సెట్టింగుల్లో `Thickness Outer`. అది మొదట 0.02 ఉంటుంది. గుడ్డ ఒంటికి ఎంత దూరంలో ఆగాలనేది ఈ రెండూ కలిపితే వస్తుంది. 0.015, 0.02 కలిస్తే 0.035, అంటే మూడున్నర సెంటీమీటర్లు. 1.6 మీటర్ల అమ్మాయి భుజానికి మూడున్నర సెంటీమీటర్ల పైన వోణీ నిలబడితే తేలుతున్నట్టు కనిపించక ఏమవుతుంది? నువ్వు ఒక్క గుడ్డ వైపే తగ్గించి ఉంటావు, అందుకే తేడా తెలియలేదు. రెండింటినీ 0.005కి దించు. ఖాళీ ఒక సెంటీమీటరుకు వస్తుంది. సాలిడిఫైతో గుడ్డకు కొంచెం మందం ఇస్తే ఆ ఖాళీ కంటికి కనిపించదు.

మరి రెండింటినీ 0.001 చేసేస్తే ఇంకా అతుక్కుని ఉంటుంది కదా అంటావు. అక్కడే ఇంకో గొయ్యి ఉంది. గుడ్డ కదలికను లెక్కగట్టే సాల్వర్ ఒక్కో ఫ్రేమును కొన్ని అడుగులుగా విడగొట్టి, ప్రతి అడుగులోనూ గుడ్డ ఆ మందం లోపలికి వచ్చిందా అని చూస్తుంది. మందం కంటే ఎక్కువ దూరం ఒక్క అడుగులోనే దాటిపోతే అది చూసేలోపే చెయ్యి అవతలికి వెళ్ళిపోయి ఉంటుంది. నా షాట్‌లో అమ్మాయి వంగి కుంకుమ పెట్టేటప్పుడు చెయ్యి పది ఫ్రేముల్లో దాదాపు 90 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఫ్రేముకు 9 సెంటీమీటర్లు. ఫ్రేముకు ఎన్ని అడుగులో చెప్పే `Quality Steps` మొదట 5 ఉంటుంది, అంటే ఒక్కో అడుగుకు 1.8 సెంటీమీటర్లు. నా ఖాళీ ఒక సెంటీమీటరే. చెయ్యి వోణీ అంచులోంచి దూసుకుపోయింది, గుడ్డ మోచేతికి చిక్కుకుని వేలాడింది. `Quality Steps` 10 చేశాక అడుగుకు 0.9 సెంటీమీటర్లు అయింది, చెయ్యి దూరడం ఆగింది. కాస్త వెసులుబాటు కోసం 12 ఉంచాను. కింద `Collisions`లో ఉండే `Quality` వేరే సంగతి, అది మొదట 2 ఉంటుంది. దాన్ని 4 చేశాను. నీ షాట్‌లో అన్నిటికంటే వేగంగా కదిలే భాగం ఏదో చూసి, ఫ్రేముకు ఎంత దూరం పోతోందో కొలిచి, ఇలాగే భాగించుకో. ఊరికే 30, 40 పెట్టేస్తే బేక్ సమయం పెరుగుతుంది తప్ప ఇంకేం రాదు.

గుడ్డ తనకు తాను తగలడం, అంటే `Self Collisions`, దీనికి విడిగా ఇంకో `Distance` ఉంటుంది. అది కూడా 0.015. భుజం మీద నేను ఐదు కుచ్చిళ్ళు మడిచి పెట్టాను, మడతకీ మడతకీ మధ్య నాలుగైదు మిల్లీమీటర్లే ఉంది. సెల్ఫ్ కొలిజన్ ఆన్ చేయగానే ఫ్రేమ్ 2లోనే కుచ్చిళ్ళు పూరీలా ఉబ్బాయి. ఒకటిన్నర సెంటీమీటర్ల దూరం కావాలని ఒకదాన్నొకటి తోసుకున్నాయి మరి. దూరం 0.004కి దించి, కుచ్చిళ్ళు ఉన్న చోటును ఒక వర్టెక్స్ గ్రూప్ చేసి `Self Collisions`లోని `Vertex Group`లో ఇచ్చాను. ఆ గ్రూప్‌లో ఉన్న భాగం సెల్ఫ్ కొలిజన్‌లో పాల్గొనదు. పిన్నీసు కింద మడతలు ఎలాగూ కదలవు కాబట్టి దీనివల్ల కంటికి నష్టం లేదు.

ఇప్పుడు నడుము. ఇదే అన్నిటికంటే కష్టమైనది, నీ షాట్ ప్రాణం కూడా ఇందులోనే ఉంది. మెట్టుకు కుంకుమ పెట్టాలంటే అమ్మాయి మోకాలు మడిచి బాగా ముందుకు వంగాలి. నిజమైన ఒంట్లో పొట్ట మెత్తగా నొక్కుకుంటుంది. రిగ్ బొమ్మలో పొట్ట వెళ్ళి తొడలోకి దూరిపోతుంది. మధ్యలో ఉన్న వోణీకి రెండు ఆజ్ఞలు వస్తాయి: పొట్ట "ముందుకు పో" అంటుంది, తొడ "వెనక్కి పో" అంటుంది. ఎటూ పోవడానికి చోటు లేదు. సాల్వర్ రెండు వైపులా తోస్తూ పోయి చివరికి గుడ్డను విసిరేస్తుంది. నువ్వు పేలడం అన్నది ఇదే. నిజంగా ఇదేనా అని తెలుసుకోవడం తేలిక: గుడ్డను కనిపించకుండా దాచి, ఒళ్ళు ఒక్కటే వంగేటప్పుడు పక్క నుంచి చూడు. ఏ ఫ్రేములో పొట్ట తొడలోకి దిగుతుందో సరిగ్గా ఆ ఫ్రేములోనే పేలుడు మొదలవుతుంది. నాకు అది 112వ ఫ్రేము.

దీనికి స్టిఫ్‌నెస్ పెంచితే ఇంకా గట్టిగా పేలుతుంది. చేయాల్సింది కనిపించే ఒంటిని కొలిజన్ నుంచి తప్పించి, దాని బదులు ఒక నకలు ఒంటిని పెట్టడం. ఒంటిని డూప్లికేట్ చేసి, ముఖం, వేళ్ళు, పాదాలు తీసేసి, డెసిమేట్‌తో తేలిక చేశాను. అసలు ఒంటి మీద కొలిజన్ తీసేసి నకలు మీద పెట్టాను. నకలు కనిపించకుండా ఉండాలని వ్యూపోర్ట్‌లో ఆపేయకు, ఆపేస్తే కొలిజన్ కూడా పోతుంది. `Display As` దగ్గర `Wire` పెట్టి, రెండర్‌లో మాత్రం ఆపు.

తర్వాత నకలు మీద పొట్ట కింది భాగానికీ, తొడల పై భాగానికీ ఒక వర్టెక్స్ గ్రూప్ పూసి, డిస్‌ప్లేస్ మోడిఫయర్ ఇచ్చాను. దాన్ని ఆర్మేచర్ కింద, కొలిజన్ పైన పెట్టాలి. `Midlevel` 0, `Strength` -0.015. అంటే ఆ భాగం ఒకటిన్నర సెంటీమీటర్లు లోపలికి పోతుంది. పొట్ట వైపు అంత, తొడ వైపు అంత, కలిపి మూడు సెంటీమీటర్ల సందు. గుడ్డకు రెండు వైపులా ఒక్కో సెంటీమీటరు కావాలి, కాబట్టి దానికి ఊపిరాడుతుంది. ఈ `Strength`ను ఎప్పుడూ ఉంచకుండా కీఫ్రేమ్ చేశాను: 104లో 0, 110లో -0.015, 140 దాకా అలాగే, 148లో మళ్ళీ 0. నిటారుగా నిలబడినప్పుడు వోణీ ఒంటికి సరిగ్గా ఉంటుంది, వంగినప్పుడు మాత్రమే సందు వస్తుంది. ఆ లోపలి భాగం ఎలాగూ కెమెరాకు కనిపించదు. నీ రిగ్‌లో పొట్ట ఇంకా లోతుగా దూరుతుంటే -0.02, -0.025 దాకా వెళ్ళొచ్చు. అంతకుమించి కావాల్సి వస్తే తప్పు యానిమేషన్‌లో ఉంది, మోకాళ్ళు కొంచెం పక్కకు తిప్పు. నిజంగా మెట్ల పూజ చేసేవాళ్ళు కూడా నేరుగా వంగరు, ఒక పక్కకు ఒరిగి వంగుతారు. ఒక పొద్దున అలిపిరి వెళ్ళి పావుగంట నిలబడి చూస్తే నీకే తెలుస్తుంది.

ఇంత చేసినా అక్కడక్కడా ఒకటి రెండు ఫ్రేముల్లో గుడ్డ చిటుక్కుమని ఎగిరితే `Impulse Clamping` వాడు. 0 అంటే అది పనిచేయడం లేదని అర్థం. ఒక్కో తాకిడిలో గుడ్డను ఎంతవరకు తోయొచ్చో అది హద్దు పెడుతుంది. 5తో మొదలుపెట్టి అవసరమైతే తగ్గించు. మరీ తగ్గిస్తే గుడ్డ మెల్లగా ఒంట్లోకి జారిపోతుంది, అప్పుడు తగ్గించింది ఎక్కువైందని తెలుసుకో.

ఇక రబ్బరులా సాగడం. నువ్వు ఇంకా వివరంగా రావాలని మెష్‌ను సబ్‌డివైడ్ చేశావని నా అనుమానం. క్లాత్‌లో `Vertex Mass` అనేది మొత్తం గుడ్డ బరువు కాదు, ఒక్కో వర్టెక్స్ బరువు. మొదట 0.3 కిలో ఉంటుంది. నా 4,545 వర్టెక్స్‌లకు లెక్కేస్తే 1,363 కిలోలు! నిజమైన నూలు వోణీ అరకిలో కూడా ఉండదు. కాబట్టి ఆ అంకెను నిజమైన కిలోలుగా తీసుకోకు, పోలికకు మాత్రమే వాడుకో. అసలు విషయం ఏంటంటే, గడిని ఒకసారి సగం చేస్తే వర్టెక్స్‌లు నాలుగింతలు అవుతాయి, గుడ్డ బరువూ నాలుగింతలు అవుతుంది. అదే `Tension` ఆ బరువును మోయలేక కొంగు మోకాలి దాకా సాగుతుంది. నాకు 0.3 బరువుకు `Tension`, `Compression` రెండూ 15 నుంచి 40కి పెంచితే సాగడం ఆగింది. అది కూడా `Quality Steps` 12 ఉండబట్టే. అడుగులు తక్కువగా ఉండి `Tension` ఒక్కటే పెంచితే గుడ్డ సాగడం మానదు, పైగా గజగజ వణుకుతుంది. నువ్వు "ఎంత పెంచినా అంతే" అన్నది ఇందుకే అయ్యుండాలి.

`Tension` సాగకుండా పట్టేది. గుడ్డ ఎలా మడత పడుతుంది, గంజి పెట్టినట్టు ఉందా, పట్టులా జారుతుందా అనేది `Bending` చేతిలో ఉంది. దీనికి నేను ఎప్పుడూ చేసే పని ఒకటి ఉంది. మేడ మీద గుండ్రటి ప్లాస్టిక్ స్టూలు పెట్టి, నా కలంకారీ వోణీని ఒక్క పొరగా దాని మీద పరిచాను. చుట్టూ దిగిన మడతలు లెక్కపెట్టాను. కొత్తది, ఇంకా బిరుసు పోనిది, ఐదారు వెడల్పాటి మడతలు వేసింది. తర్వాత అదే స్టూలు మీద మెత్తటి పట్టు పైట వేస్తే తొమ్మిదో పదో సన్నటి మడతలు పడ్డాయి. బిరుసు ఎక్కువైతే మడతలు తక్కువ, వెడల్పు ఎక్కువ. బ్లెండర్‌లో కూడా అదే కొలతలో ఒక సిలిండర్ పెట్టి, నా వోణీ గడి కొలతతోనే చతురస్రంగా ఒక గుడ్డ వదిలాను. `Bending` 0.5 దగ్గర మడతలు మరీ సన్నగా, పట్టులా వచ్చాయి. 2 దగ్గర ఆరు మడతలు పడ్డాయి, చూడగానే నూలు అనిపించింది. నీ మెష్ గడి వేరైతే నీ అంకె వేరు. అందుకే అంకెను కాకుండా ఈ పరీక్షను తీసుకో, పది నిమిషాల పని.

ఇక బేక్. ఇక్కడ తొందర పడితే మొత్తం కష్టం పోతుంది. ప్లే చేసినప్పుడు టైమ్‌లైన్ కింద కనిపించే ఆ కాష్ తాత్కాలికం. ఒక్క సెట్టింగ్ మార్చినా పోతుంది, మధ్య ఫ్రేముకు దూకినా తప్పుతుంది. ప్రతి ఫ్రేమూ ముందు ఫ్రేము మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి సిమ్యులేషన్‌కు మధ్యలోంచి మొదలుపెట్టడం రాదు. నీ అలెంబిక్ కదలకపోవడానికి కారణం ఇదే. కాష్ లేకుండా ఎక్స్‌పోర్ట్‌ను షాట్ మధ్యలోంచి మొదలుపెట్టి ఉంటావు, దానికి గుడ్డ మొదటి ఆకారమే దొరికింది. ఎఫ్‌బీఎక్స్‌లో పంపినా క్లాత్ కదలిక రాదు, అది ఎక్కువగా ఎముకల కదలికకే. గుడ్డకు అలెంబిక్కే సరి.

ఫిజిక్స్ ట్యాబ్‌లో క్లాత్ కింద `Cache` తెరువు. `Simulation Start` 1, `End` 260 పెట్టు. మొదట అది 250 దగ్గర ఆగి ఉంటుంది. నేను దాన్ని మార్చడం మరిచిపోయి చివరి పది ఫ్రేముల్లో గుడ్డ గడ్డకట్టుకుపోతే, ఆర్మేచర్ తప్పేమోనని గంట వెతికాను. ఫైల్‌ను ఒకసారి సేవ్ చేసి `Disk Cache` టిక్ పెట్టు. అప్పుడు ఫైల్ పక్కనే `blendcache_` తర్వాత ఫైల్ పేరుతో ఒక ఫోల్డర్ వస్తుంది, ఫ్రేముకు ఒక `.bphys` చొప్పున అందులో పడతాయి. నా షాట్‌కు కంప్రెస్ చేయకుండా 40 ఎంబీ పైచిలుకు అయింది. ఫైల్ పేరు మార్చావంటే బ్లెండర్ కొత్త పేరుతో ఉన్న ఫోల్డర్ కోసం వెతుకుతుంది, పాతది దానికి కనబడదు. ఒకసారి నేను బెంగళూరుకు ఒక స్టూడియోకి `.blend` ఒక్కటే మెయిల్ చేశాను, ఫోల్డర్ పంపలేదు. రాత్రంతా రెండర్ చేశారు, పొద్దున చూస్తే వోణీ మొత్తం ఫ్రేమ్ 1 ఆకారంలో గట్టిగా నిలబడి ఉంది. డబ్బులు నేనే ఇచ్చుకున్నాను.

తర్వాత `Bake` నొక్కు. సెట్టింగులన్నీ బూడిద రంగులోకి మారితే బేక్ అయినట్టు. మళ్ళీ ఏదైనా మార్చాలంటే `Delete Bake` చేయాల్సిందే. బేక్ అయ్యాక వోణీ మెష్‌లో ఒక్క వర్టెక్స్ కూడా కలపకు, తీయకు. లాప్‌టాప్ తక్కువదైతే, బ్లెండర్ కిటికీ తెరవకుండా రాత్రి పూట ఇలా వదిలేయొచ్చు. ఈ మూడు వరుసలు `bake.py`లో పెట్టు:

```python
import bpy
bpy.ops.ptcache.bake_all(bake=True)
bpy.ops.wm.save_mainfile()
```

తర్వాత టెర్మినల్‌లో:

```
blender -b metlu_07.blend -P bake.py
```

బేక్ అయ్యాక టైమ్‌లైన్‌లో ఇష్టం వచ్చిన ఫ్రేముకు దూకి చూడు. 51, 112, 125, 148, 260 ఈ ఐదూ చూశాను నేను: మొదలు, పేలే చోటు, అన్నిటికంటే ఎక్కువ వంగిన చోటు, లేచి నిలబడే చోటు, చివర. ఒక్కో చోటా చంక, నడుము, భుజం దగ్గరికి వెళ్ళి చూడాలి. అన్నీ బాగుంటేనే ఎక్స్‌పోర్ట్.

ఎక్స్‌పోర్ట్‌కు ముందు సబ్‌డివిజన్, సాలిడిఫై రెండింటినీ వ్యూపోర్ట్ గుర్తు, కెమెరా గుర్తు రెండు చోట్లా ఆపేయి. లెవెల్ 2 సబ్‌డివిజన్‌తో పంపితే వర్టెక్స్‌లు దాదాపు పదహారింతలు అవుతాయి, అలెంబిక్ ఫైలూ అలాగే ఉబ్బుతుంది. అవతలి వైపు తెరిచాక వాటిని మళ్ళీ పెట్టుకోవచ్చు, తేడా ఏమీ ఉండదు. వోణీ ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి `File`, `Export`, `Alembic (.abc)`కి వెళ్ళు. సెలెక్ట్ చేసిన వాటిని మాత్రమే అన్న టిక్ పెట్టు. ఫ్రేములు 51 నుంచి 260. యూవీలు టిక్ ఉండాలి, లేకపోతే కలంకారీ బొమ్మ గుడ్డ మీద కూర్చోదు. మెటీరియల్ మాత్రం అలెంబిక్‌లో రాదు, నీ టెక్స్‌చర్ ఫైల్ విడిగా పంపి అక్కడ వేయించుకో. నీ ఫ్రెండ్ వాడేది మాయా అయితే అక్కడ కొలత సెంటీమీటర్లలో ఉంటుంది, స్కేల్ 100 పెట్టి పంపు.

ఇంకొకటి, అలెంబిక్ కాలాన్ని ఫ్రేముల్లో కాదు, సెకన్లలో దాచుకుంటుంది. నీది 24, నీ ఫ్రెండ్‌ది 30 ఉంటే ఆ అమ్మాయి వంగేది ఒక ఫ్రేములో, గుడ్డ వంగేది ఇంకో ఫ్రేములో అవుతుంది. ఇద్దరూ ముందే ఒకే ఫ్రేమ్ రేట్ పెట్టుకోండి.

పంపే ముందు నువ్వే ఒక కొత్త ఖాళీ బ్లెండర్ ఫైల్‌లో, 24 ఫ్రేమ్ రేట్ పెట్టి, ఆ `.abc`ని ఇంపోర్ట్ చేసి చూడు. వోణీకి `Mesh Sequence Cache` అనే మోడిఫయర్ వచ్చి ఉంటుంది. అది డిస్కు మీదున్న `.abc` నుంచే చదువుతుంది కాబట్టి ఆ ఫైల్‌ను పక్క నుంచి తీసేస్తే గుడ్డ మళ్ళీ ఆగిపోతుంది. పాత ఫైల్‌లో 125వ ఫ్రేము తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకుని, కొత్త ఫైల్‌లో 125వ ఫ్రేము పక్కన పెట్టి కొంగు చివరి మడతలు పోల్చు. మడతకు మడత ఒకేలా ఉంటే పంపేయి. తేడా ఉంటే ముందు ఫ్రేమ్ రేట్ చూడు, తర్వాత ఎక్స్‌పోర్ట్ మొదటి ఫ్రేము చూడు. నడుము దగ్గర ఇంకా ఇబ్బంది ఉంటే ఒళ్ళు ఒక్కటే వంగే ఫ్రేమును పక్క నుంచి స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడ పెట్టు, డిస్‌ప్లేస్ ఎంత ఇవ్వాలో చూసి చెబుతాను.